ఆడిట్ స్కోరు తగ్గిన సీనియర్‌తో మాట్లాడాలి: మీటింగ్ మెయిల్ చూసి ఆవిడ బెదిరిపోకుండా ఎలా రాయాలి?

ఉక్కునగరం (శనివారం రాత్రి 9.20)

విశాఖలో ఒక మెడికల్ కోడింగ్ ఆఫీసులో పనిచేస్తాను, డాక్టర్లు రాసిన నోట్స్ చదివి బిల్లు కోసం కోడ్‌లు వేయడం మా పని. నాలుగు నెలల క్రితం నన్ను టీమ్ లీడ్ చేశారు. పదకొండు మంది టీమ్. అందులో ఒకావిడ నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నేను చేరిన కొత్తలో డాక్టర్ నోట్ ఎలా చదవాలో, ఎక్కడ ఆగి ఆలోచించాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆవిడే. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాను.

మా దగ్గర ప్రతి కోడర్‌వీ వారానికి 50 చార్టులు ఆడిట్ అవుతాయి. 95 శాతం దాటాలి. అక్కకి రెండేళ్లుగా 97, 98 తప్ప వేరే అంకె నేను చూడలేదు. గత ఐదు వారాలు వరసగా 92, 94, 90, 90, 88. మేనేజర్ శుక్రవారం పిలిచి, "వచ్చే వారం ఆవిడతో కూర్చో, మెయిల్‌లో పిలువు, రికార్డు ఉండాలి" అన్నారు.

నిన్న రాత్రి రాసిన డ్రాఫ్ట్ ఇది. మా టీమ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే అలవాటు, ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

> సబ్జెక్ట్: పెర్ఫార్మెన్స్ డిస్కషన్
>
> డియర్ మేడమ్, మీ పెర్ఫార్మెన్స్ గురించి మాట్లాడాల్సి ఉంది. సోమవారం సాయంత్రం 5 గంటలకు దయచేసి అందుబాటులో ఉండండి. అవసరమైతే హెచ్‌ఆర్ కూడా జాయిన్ అవుతారు.

పొద్దున లేచి చదివితే నాకే గుండె ఝల్లుమంది. సబ్జెక్ట్ "క్యాచప్" అని మార్చాను. అది మోసంలా అనిపించింది. పంపకుండా ఆపేశాను. అక్క మంగళ, గురువారాలే ఆఫీసుకొస్తారు, మిగతా రోజులు ఇంటి నుంచి. ఎలా రాయమంటారు?

గోదారిగట్టు (శనివారం రాత్రి 9.48)

తమ్ముడూ, అసలు మెయిల్ ఎందుకు? మనిషిని భయపెట్టేది మెయిలే. మంగళవారం ఆఫీసుకొస్తారన్నావుగా, సీటు దగ్గరకెళ్లి "అక్కా, ఒక్క మాట" అని రూమ్‌లోకి తీసుకెళ్లు. మెయిల్ తప్పనిసరి అంటే "క్విక్ కనెక్ట్" అని 15 నిమిషాల ఇన్వైట్ పెట్టు, లోపల ఏమీ రాయకు. లోపల రాసిన ప్రతి పదానికీ ఆవిడ పది అర్థాలు తీసుకుంటారు. నేను ఎనిమిదేళ్లు టీమ్ నడిపాను, ఇలాగే చేశాను, ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

ఓరుగల్లు బిడ్డ (శనివారం రాత్రి 10.15)

అన్నా, ఏమనుకోకండి గానీ ఆ ఖాళీ ఇన్వైట్ అందుకున్న మనిషిని నేను. అందుకే చెప్తున్న.

నిరుడు ఒక శుక్రవారం సాయంత్రం 6.40కి మా మేనేజర్ నుంచి ఇన్వైట్ వచ్చింది. "కనెక్ట్", 15 నిమిషాలు, సోమవారం 4 గంటలకు. లోపల ఒక్క ముక్క లేదు. పేర్ల జాబితా తెరిస్తే కింద Optional అన్న దగ్గర హెచ్‌ఆర్ ఆమె పేరు. సార్‌కి ఫోన్ చేసిన, ఎత్తలేదు. ఆయన అప్పటికే ఊరికి పోయే బస్సులో ఉన్నడట, ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ శనివారం నేను రెజ్యూమె సరిచేసుకున్న. ఇంటి లోన్ ఇంకెన్ని నెలలు కట్టాలో లెక్కేసిన. ఆదివారం మా నాయనకు చెప్తే ఆయన రాత్రంతా నిద్రపోలేదు. సోమవారం పొద్దున చేసిన పని నాకు ఏదీ గుర్తు లేదు. తీరా మీటింగ్‌లో చెప్పిందేంటంటే, షిఫ్ట్ టైమింగ్ మారుతుంది, క్యాబ్ అలవెన్స్ గురించి హెచ్‌ఆర్ చెప్తదని. అంతే.

లోపల ఏమీ రాయకపోతే భయం తగ్గదు అన్నా. రాయని జాగాలో మేమే రాసుకుంటం, అదీ అన్నిటికన్నా ఘోరమైంది.

గోదారిగట్టు (శనివారం రాత్రి 10.31)

అది శుక్రవారం పంపడం తప్పమ్మా, పైగా హెచ్‌ఆర్ పేరు పెట్టారు. నేను ఎప్పుడూ అదే రోజుకి పెట్టేవాణ్ని. అయినా మీరు చెప్పింది ఆలోచించాల్సిందే.

నిజాంపేట హెచ్‌ఆర్ (శనివారం రాత్రి 11.05)

నేను హెచ్‌ఆర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఉక్కునగరం గారూ, పదాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక ప్రశ్నకు మీ మేనేజర్ దగ్గర జవాబు తీసుకోండి: ఇది ఏ రకం మీటింగ్?

మాటవరసకి కూర్చుని తేడా ఎక్కడుందో చూసేది ఒకటి. వార్నింగ్ లెటరో, ఇన్నాళ్లలో పనితీరు మెరుగుపడాలని గడువు పెట్టే పీఐపీయో చేతికిచ్చేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని మొదటిదానిలా కనిపించేట్టు మెయిల్ రాస్తే ఆ మనిషి ఇక ఎప్పటికీ మీ మెయిల్‌ని నమ్మరు. మొదటిదాన్ని రెండోదానిలా రాస్తే ఇప్పుడు మీ డ్రాఫ్ట్‌లా ఉంటుంది. "అవసరమైతే హెచ్‌ఆర్ జాయిన్ అవుతారు" అన్న వాక్యం చూడండి. ఎవరికి అవసరమైతే? ఏం జరిగితే? చదివే మనిషి ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతారు. మామూలు మాటల మీటింగే అయితే హెచ్‌ఆర్‌ని పిలవకండి, ప్రస్తావించకండి. ఉంటే ఎందుకున్నారో రాయాలి. మధ్యస్థంగా వదలకూడదు.

రెండోది సమయం. నేను చూసినంతలో మనుషుల్ని బెదరగొట్టేది సబ్జెక్ట్ లైన్ కంటే ఎక్కువగా, మెయిల్ చదివిన క్షణానికీ మీటింగ్ గదిలోకి వెళ్లే క్షణానికీ మధ్య ఉండే ఖాళీ. మీరు ఆదివారం రాత్రి పంపి సోమవారం 5కి పెడితే ఇరవై గంటల నరకం. అలాగని పది నిమిషాల ముందు పంపితే ఆవిడ కాగితాలు కూడా చూసుకోలేరు, పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంటుంది. అక్క ఆఫీసుకొచ్చే రోజు, లాగిన్ అయ్యాక పొద్దునే పంపండి, రెండు గంటల తర్వాత కూర్చోండి. పంపాక ఆ రెండు గంటలూ మీరు సీట్లో ఉండాలి. ఆవిడ కచ్చితంగా ఏదో ఒకటి అడుగుతారు. ఆ ప్రశ్నకి ఐదు నిమిషాల్లో జవాబు రాకపోతే మీ మెయిల్ ఎంత బాగున్నా దండగే. ఓరుగల్లు బిడ్డ గారి విషయంలో అసలు దెబ్బ ఆ ఎత్తని ఫోనే.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆవిడని అక్కా అంటారు కదా. మామూలు మెయిల్స్‌లో ఏమని రాస్తారు?

ఉక్కునగరం (శనివారం రాత్రి 11.18)

అక్కా అనే రాస్తానండీ. అందరికీ తెలుసు కూడా.

నిజాంపేట హెచ్‌ఆర్ (శనివారం రాత్రి 11.24)

మరి ఈ డ్రాఫ్ట్‌లో "డియర్ మేడమ్" అని మొదలుపెట్టారు. ఆవిడ సబ్జెక్ట్ కంటే ముందు దాన్నే చూస్తారు. ఇన్నేళ్లు అక్కా అన్న పిల్లాడు ఒక్కసారిగా మేడమ్ అన్నాడంటే పైనుంచి ఎవరో రాయించారని అర్థం. విషయం గంభీరమైంది కాబట్టి పిలుపూ మార్చాలని మనకి అనిపిస్తుంది, మర్యాద కోసమే మారుస్తాం. చదివేవాళ్లకి అది బంధుత్వం తెంచినట్టు వినిపిస్తుంది. రోజూ ఎలా మొదలుపెడతారో అలాగే మొదలుపెట్టండి, రోజూ ఎలా ముగిస్తారో అలాగే ముగించండి.

ఇంకో మాట. "కంగారు పడకండి" అని మాత్రం రాయొద్దు. ఆ మాట చదివేదాకా కంగారు లేనివాళ్లకి కూడా అప్పుడే మొదలవుతుంది.

కొత్తపేట కుర్రాడు (ఆదివారం ఉదయం 8.02)

నాదీ ఇదే సమస్యండీ. అప్రైజల్ వస్తోంది, హైక్ గురించి మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి. ఆయన బాధపడకుండా ఎలా రాయాలి? 30 శాతం అడగొచ్చా?

ఓరుగల్లు బిడ్డ (ఆదివారం ఉదయం 8.40)

తమ్ముడూ, ఇక్కడ లీడ్ తన టీమ్ మనిషిని పిలిచే సంగతి నడుస్తుంది. నీది వేరే టాపిక్ పెట్టు, నేనూ వస్తా.

న్యూజెర్సీ తెలుగు (ఆదివారం ఉదయం 9.10)

హెచ్‌ఆర్ గారు చెప్పిన "మధ్యలో ఖాళీ" మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా టీమ్‌లో సగం మంది హెచ్1బీ మీద ఉన్నారు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు. అందుకని మేనేజర్ దగ్గర్నుంచి వివరం లేని ఇన్వైట్ వస్తే వాళ్లు చదివేది "మీటింగ్" అని కాదు, "60 రోజులు" అని. పిల్లల స్కూలు, ఇంటి లీజు అన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. ఒకసారి నేను కోడ్ రివ్యూల ఆలస్యం గురించి మాట్లాడదామని "వన్ ఆన్ వన్" అని పెట్టాను. మామూలుగా మా వన్ ఆన్ వన్ గురువారం, ఇది సోమవారం పెట్టాను. అతను గదిలోకి వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. ఆ తర్వాత నేను నేర్చుకున్నది, అప్పటికే క్యాలెండర్‌లో ఉన్న వారపు మీటింగ్‌నే వాడుకోవడం. "ఈ గురువారం మన మీటింగ్‌లో రివ్యూల ఆలస్యం సంగతి చూద్దాం" అని ఒక లైను ముందు రోజు పొద్దున పంపుతాను. కొత్త ఇన్వైటే పుట్టదు.

ఉక్కునగరం, మీకు అక్కతో అలాంటి వారపు మీటింగ్ ఉందా?

ఇంకోటి, అంకెలన్నీ మెయిల్‌లోనే పెట్టేయండి. 92, 94, 90, 90, 88. దాచడం ఎందుకు? ముందే చూసుకుంటే గదిలో షాక్ ఉండదు.

ఉక్కునగరం (ఆదివారం ఉదయం 10.25)

వన్ ఆన్ వన్‌లు మా దగ్గర లేవండీ. పొద్దున పదిహేను నిమిషాల హడిల్ ఒక్కటే, అందరూ ఉంటారు. అందుకే ఏ ఇన్వైట్ పెట్టినా అది వింతగానే కనిపిస్తుంది.

మేనేజర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ఆయన జవాబు: ఇది మామూలు మాటలే, కానీ నెల రోజుల్లో మారకపోతే పీఐపీ ఆలోచించాల్సి వస్తుందట. ఇప్పుడు "ఇది పీఐపీ కాదు" అని రాయొచ్చా?

నిజాంపేట హెచ్‌ఆర్ (ఆదివారం ఉదయం 11.10)

రాయొచ్చు, ఎందుకంటే మంగళవారం జరిగేది నిజంగానే పీఐపీ కాదు. రాయకూడనిది "మీ ఉద్యోగానికి ఏమీ కాదు", "ఇది రికార్డుకి వెళ్లదు" లాంటివి. మొదటిది మీ చేతిలో లేదు. రెండోది అబద్ధం, మీ మేనేజర్ రికార్డు కోసమే మెయిల్ పెట్టమన్నారు. ఆ రోజు జరిగేదాని గురించి మాత్రమే మాటివ్వండి. నెల రోజుల సంగతి మెయిల్‌లో వద్దు, కానీ గదిలో ఆవిడ "తర్వాతేంటి" అని అడిగితే దాచకుండా చెప్పండి. ఆవిడకి అది మీ నోటి నుంచి తెలియాలి.

అంకెల విషయంలో న్యూజెర్సీ గారితో నేను ఏకీభవించను. ఐదు అంకెలు వరసగా పేరిస్తే అది ఛార్జిషీటులా ఉంటుంది. పైగా ఆ మెయిల్‌ని రేపు ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే ముందూ వెనకా లేకుండా ఆ అంకెలే తిరుగుతాయి.

ఓరుగల్లు బిడ్డ (ఆదివారం మధ్యాహ్నం 12.05)

నేను న్యూజెర్సీ అన్న దిక్కే. అంకెలు లేకుంటే "నా గురించి ఇంకేం తెలిసిందో" అని తవ్వుకుంట కూసుంటం. నాకు తెలిసిన సంగతే మాట్లాడుతరని తెలిస్తే సగం బరువు దిగుతది. ఉక్కునగరం అన్నా, అక్కకు ఆ స్కోర్లు ముందే తెలుసా?

ఉక్కునగరం (ఆదివారం మధ్యాహ్నం 12.30)

తెలుసు. ప్రతి సోమవారం ఆడిట్ షీట్ ఆవిడకే నేరుగా వస్తుంది, ఏ చార్టులో ఏ తప్పో కూడా ఉంటుంది.

నిజాంపేట హెచ్‌ఆర్ (ఆదివారం మధ్యాహ్నం 12.52)

అయితే పని తేలికైంది. "మీకు ఇప్పటికే వచ్చిన ఐదు ఆడిట్ షీట్లు" అని రాయండి, చాలు. ఆవిడకి తెలియని విషయం ఏదీ రాబోవడం లేదని అర్థమవుతుంది, అంకెలు మళ్లీ రాయక్కర్లేదు. అంకెలు ఆవిడకి ముందే తెలియకపోతే మాత్రం నేనూ నా మాట వెనక్కి తీసుకుని ఆలోచించేదాన్ని.

మెయిల్ అడ్మిన్ (ఆదివారం సాయంత్రం 4.15)

మీరంతా మెయిల్ గురించే మాట్లాడుతున్నారు, ఇన్వైట్ ఇంకా ఎవరెవరికి కనిపిస్తుందో చూశారా? మీ టీమ్‌లో ఒకరి క్యాలెండర్ ఇంకొకరు తెరిచి చూసుకునే వీలుందా? చాలా ఆఫీసుల్లో సెలవులు చూసుకోవడానికి అలా పెట్టుకుంటారు. అప్పుడు మీ ఇన్వైట్ సబ్జెక్ట్ పదకొండు మందీ చదవగలరు. అవుట్‌లుక్‌లో ఇన్వైట్ తెరిచి పైనున్న Private నొక్కండి, తాళం గుర్తు వస్తుంది. ఇక ఇతరులకి ఆ సమయం ఖాళీ లేదని మాత్రమే తెలుస్తుంది. మీ క్యాలెండర్ చూసుకునే సహాయకులెవరికైనా ప్రైవేట్ అంశాలు చూసే అనుమతి విడిగా ఇచ్చి ఉంటే వాళ్లకి మాత్రం కనిపిస్తుంది.

గది బుక్ చేస్తే ఇంకో చిక్కు. మామూలు సెట్టింగ్‌లో గది క్యాలెండర్ సబ్జెక్ట్‌ని తీసేసి బుక్ చేసినవాళ్ల పేరు పెడుతుంది. కొన్ని ఆఫీసుల్లో దాన్ని మార్చి అసలు సబ్జెక్టే కనిపించేలా పెడతారు, తలుపు పక్కన చిన్న తెర ఉంటే దాని మీద కూడా పడుతుంది. మీరు ముందు ఏదైనా మామూలు మీటింగ్‌కి ఆ గది బుక్ చేసి ఏం కనిపిస్తుందో చూసుకోండి. ఒక ఆఫీసులో తలుపు తెర మీద ఒక మనిషి పేరు, దాని పక్కన "పెర్ఫార్మెన్స్" అని అరగంట కనిపించింది. నేనే వెళ్లి తీసేశాను. అప్పటికి అంతస్తంతా చూసేసింది.

చివరిది, టైమ్ మార్చినప్పుడల్లా ఆవిడకి కొత్త మెయిల్ వెళ్తుంది. రెండు సార్లు మారిస్తే ఏదో తేలని వ్యవహారంలా ఉంటుంది. మేనేజర్‌తో, గదితో అన్నీ ఖాయం చేసుకున్నాకే ఒక్కసారి పంపండి.

మాంచెస్టర్ నుంచి (ఆదివారం సాయంత్రం 6.30)

ఇక్కడ యూకేలో ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. ఆ మీటింగ్‌లో ఫార్మల్ వార్నింగ్ ఇచ్చే అవకాశం ఉంటే ఉద్యోగి తోడుగా ఒక సహోద్యోగినో యూనియన్ ప్రతినిధినో తెచ్చుకోవచ్చు, 1999 చట్టం ప్రకారం అది హక్కు. సమస్య ఏమిటో, ఏం జరగొచ్చో ముందే రాతపూర్వకంగా చెప్పాలి, సిద్ధం కావడానికి సమయం ఇవ్వాలి. కాబట్టి హెచ్‌ఆర్ గారి "రెండు గంటలు" లెక్క మామూలు మాటల మీటింగ్‌కే. ఫార్మల్ అయితే భయపెట్టకూడదని మెత్తగా రాయడమే అన్యాయం.

నిజాంపేట హెచ్‌ఆర్ (ఆదివారం సాయంత్రం 6.58)

సరిగ్గా చెప్పారు. పీఐపీ అయితే ఇక్కడ కూడా నేను కనీసం రెండు రోజులు ముందు, పూర్తి వివరంతో పంపమంటాను. భయం ఉంటుంది, తప్పదు, కానీ సిద్ధమయ్యే సమయం అంతకంటే అవసరం.

ఉక్కునగరం (సోమవారం రాత్రి 8.40)

మీరంతా చెప్పింది కలిపి రాశాను. రేపు పొద్దున పంపుతున్నాను. చూడండి:

> సబ్జెక్ట్: గత ఐదు వారాల ఆడిట్ షీట్లు కలిసి చూద్దాం, ఈ రోజు 11.30
>
> అక్కా,
>
> పొద్దున చెప్పిన సంగతే. మీకు ఇప్పటికే వచ్చిన ఐదు ఆడిట్ షీట్లలో స్కోరు 95 కంటే తక్కువ ఉంది. తేడా ఎక్కడొస్తోందో మీతో కూర్చుని చూడాలి. 11.30 నుంచి 12.15 వరకు రెండో అంతస్తు చిన్న రూమ్ తీసుకున్నాను. మనిద్దరమే ఉంటాం. ఇది వార్నింగ్ మీటింగ్ కాదు, పీఐపీ కాదు.
>
> ఆ షీట్లు తెరిచిపెట్టుకుంటే చాలు, కొత్తగా ఏమీ తయారు చేయక్కర్లేదు. ఆడిటర్ వేసిన తప్పుల్లో మీరు ఒప్పుకోనివి ఉంటే అవీ చూద్దాం. ఈ టైమ్ కుదరకపోతే 3 గంటలకి కూడా నాకు వీలే. ఈ 45 నిమిషాలు మీ డౌన్‌టైమ్‌లో వేస్తాను, టార్గెట్‌కి ఇబ్బంది ఉండదు.

ఓరుగల్లు బిడ్డ (సోమవారం రాత్రి 9.05)

"మీరు ఒప్పుకోనివి ఉంటే" అన్న లైను బాగుంది అన్నా. నా మాట కూడా వింటరు అన్నట్టు ఉంది. డౌన్‌టైమ్ సంగతి నాకు తట్టకపోతుండె. చార్టులు తక్కువైతయని ఇంకో బుగులు ఉంటదని అది లేకుంట చేసినవు.

గోదారిగట్టు (సోమవారం రాత్రి 9.20)

నాకు "వార్నింగ్ కాదు, పీఐపీ కాదు" ఇబ్బందిగా ఉంది. లేని పదాలు మనమే ఆవిడ బుర్రలో పెట్టినట్టు కాదా? "కంగారు పడకండి" రాయొద్దన్నారు, ఇదీ అలాంటిదే అనిపిస్తోంది.

నిజాంపేట హెచ్‌ఆర్ (సోమవారం రాత్రి 9.41)

మంచి ప్రశ్నండీ. "కంగారు పడకండి" అనేది ఆవిడ మనసుకి ఆజ్ఞ, అందులో సమాచారం లేదు. "వార్నింగ్ కాదు" అనేది సమాచారం, తర్వాత అబద్ధమైతే మిమ్మల్ని నిలదీయొచ్చు. అయితే స్కోరు ఒక్క వారమే తగ్గి ఉంటే నేనూ ఆ లైను తీసేయమనేదాన్ని. ఐదు వారాలు తగ్గాక ఆ పదాలు ఆవిడ బుర్రలో ఇప్పటికే ఉంటాయి.

గోదారిగట్టు (సోమవారం రాత్రి 9.50)

నేనైతే ఇప్పటికీ తీసేస్తాను. సరే, రేపు ఏమైందో చెప్పు తమ్ముడూ.

ఉక్కునగరం (బుధవారం రాత్రి 9.15)

నిన్న జరిగింది చెప్తాను.

9.30కి టీ తాగడానికి వెళ్తున్నప్పుడు మెట్ల దగ్గర అక్కని ఆపి, గోదారిగట్టు గారు చెప్పినట్టే "అక్కా, మీతో ఒక్క మాట" అన్నాను. ఆ నాలుగు మాటలకే ఆవిడ మొహం మారిపోయింది. చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. వెంటనే "ఆడిట్ షీట్ల గురించే, 11.30కి కూర్చుందాం, మెయిల్ పెడతాను" అన్నాను. అప్పుడు ఊపిరి తీసుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే విషయం ముందు చెప్పి తర్వాత "మాట్లాడదాం" అంటాను.

9.45కి మెయిల్, దాంతోపాటే Private పెట్టి ఇన్వైట్ పంపాను. 9.52కి జవాబు వచ్చింది: "సరే. మేనేజర్ వస్తారా?" ఒక్క నిమిషంలో "లేదక్కా, మనిద్దరమే. ఏం మాట్లాడుకున్నామో సాయంత్రం ఆయనకి చెప్తాను" అని పంపాను. ఆ రెండో వాక్యం రాయాలా వద్దా అని కాస్త ఆలోచించాను, కానీ దాచితే తర్వాత బాగోదనిపించింది.

ఆవిడ 11.30కి షీట్లు ప్రింట్ తీసుకుని వచ్చారు. ఐదు వారాల్లో మొత్తం 23 తప్పులు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఉన్నాయి. అందులో 15 ఒకటే రకం. ఎముకల డాక్టర్ క్లినిక్ చార్టుల్లో, మోకాలి ఇంజెక్షన్ ఇచ్చిన రోజునే డాక్టర్ పేషెంట్‌ని చూస్తే, ఆ చూడటాన్ని విడిగా బిల్ చేయడానికి మాడిఫైయర్ 25 వేస్తాం. ముందే అనుకున్న ఇంజెక్షన్ కోసమే వచ్చి ఉంటే, వేరే పరీక్ష ఏదీ నోట్‌లో లేకపోతే వేయకూడదు. క్లయింట్ దీని మీద సూచనలు కఠినం చేస్తూ ఆరు వారాల క్రితం మెయిల్ పంపారు. అప్పుడు అక్క పది రోజుల సెలవులో ఉన్నారు. తిరిగొచ్చాక ఆ మెయిల్ 400 మెయిల్స్ కింద ఉండిపోయింది. హడిల్‌లో నేనూ మళ్లీ చెప్పలేదు. ఇది నా తప్పు కూడా.

మిగతా 8 మామూలు తొందర తప్పులు. వాటి గురించి ఆవిడే చెప్పారు. అత్తగారికి ఒంట్లో బాగోలేక, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మధ్యలో ఐదారుసార్లు లేవాల్సి వస్తోందట. రెండు నెలల పాటు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకొస్తే నయమా అని ఆవిడే అడిగారు. కనుక్కుంటానన్నాను. "తర్వాతేంటి" అని కూడా అడిగారు. నెల రోజుల సంగతి దాచలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నువ్వు చెప్పావు కాబట్టి సరే" అన్నారు.

ఇప్పుడు ఇంకో చిక్కు. మాట్లాడుకున్నదంతా రాసి మెయిల్ పెట్టమని, దాంట్లో తనని సీసీలో ఉంచమని మేనేజర్ అన్నారు. అత్తగారి సంగతి అందులో రాయాలా? అక్క అది నాకు చెప్పింది, ఫైలుకి కాదు.

న్యూజెర్సీ తెలుగు (బుధవారం రాత్రి 9.50)

రాయొద్దు. "పని చేసే చోటు మార్పు గురించి మాట్లాడాం" అని ఆపేయండి.

నిజాంపేట హెచ్‌ఆర్ (బుధవారం రాత్రి 10.20)

నేను అంత తేలిగ్గా చెప్పలేను. రేపు పీఐపీ దాకా వస్తే, ఆవిడ ఇంటి పరిస్థితి ముందే చెప్పారన్న రాత ఆవిడకే అండగా ఉంటుంది. రాయకపోతే చెప్పనట్టే లెక్క. కానీ అది ఆవిడ సొంత విషయం. మెయిల్ డ్రాఫ్ట్ ముందు అక్కకి ఒక్కరికే పంపి, ఆ వాక్యం ఉంచమంటారో తీసేయమంటారో ఆవిడనే అడగండి. ఆవిడ ఒప్పుకున్నాకే మేనేజర్‌ని చేర్చండి. మాడిఫైయర్ 25 సూచన ఆవిడకి అందని సంగతి, హడిల్‌లో మీరు చెప్పని సంగతి మాత్రం స్పష్టంగా రాయండి.

ఉక్కునగరం (బుధవారం రాత్రి 10.34)

రేపు గురువారం, అక్క ఆఫీసులోనే ఉంటారు. మెయిల్‌కి ముందు నేరుగానే అడుగుతాను, ఈసారి "మీ అత్తగారి సంగతి మెయిల్‌లో రాయాలా అక్కా" అనే మొదలుపెడతాను.